వెలుగు వారిది, ఇల్లు మనది

సూర్యాస్తమయం తర్వాత తీసిన ఒక ఇంటి ఫొటో మీకు నచ్చింది. ఆకాశం ముదురు నీలం, కిటికీల్లో పసుపు దీపాలు. మీరు గీసిన రెండంతస్తుల ఇంటి త్రీడీ చిత్రానికి ఆ కళ రావాలి. కానీ ఫొటోలోని పెద్ద అద్దాల గోడ మాత్రం రాకూడదు.

చాలామంది నేరుగా రంగుల మీద పడతారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తయారైన చిత్రానికి నీలం పులుముతారు. అయితే సజ్జ కింద కత్తితో కోసినట్టున్న నీడ అలాగే ఉండి గుట్టు బయటపెడుతుంది. ఎండ లేని వేళ అంత పదునైన నీడ ఎక్కడిది? అందుకే ముందు మోడల్‌లోనే సూర్యుణ్ణి దించాలి, గదుల్లో 3000 కెల్విన్ దగ్గరి దీపాలు వెలిగించాలి. ఆ తర్వాత ఫొటోనీ, మన చిత్రాన్నీ నలుపు తెలుపుల్లోకి మార్చి పక్కపక్కన పెట్టండి. వెలుగునీడల పాళ్లు కుదిరితే సగం పని అయినట్టే.

రంగు ఆఖరున. ఫొటోషాప్ కర్వ్స్‌లో నీలం గీత కింది కొసను కాస్త పైకి జరిపితే నీడలు నీలిస్తాయి. పై కొసను దించితే వెలుగులు పసుపెక్కుతాయి. ఈ మార్పు వేరే లేయర్‌లో ఉండాలి. దాన్ని ఆర్పి వెలిగించి చూస్తే రంగే మారాలి, కిటికీ అంచు కదలకూడదు.

ఒక చిక్కుంది: తెల్లగోడ నీలంగా కనిపిస్తే ఇంటాయన పెయింటే నీలమనుకుంటాడు. గోడకు మాస్క్ వేసి ప్రభావం తగ్గించండి, పగటి చిత్రం ఒకటి జతచేయండి.