ఆడిటర్ ఎక్కడ ఎక్కువ చెమటోడ్చారు?

కీలక ఆడిట్ అంశాలంటే ఆ ఏడాది ఆడిట్‌లో అన్నింటికన్నా ముఖ్యమైనవిగా ఆడిటర్ భావించినవి. 2018 ఏప్రిల్ 1న, ఆ తర్వాత మొదలైన ఆర్థిక సంవత్సరాలకు ఎస్‌ఏ 701 ప్రమాణం లిస్టెడ్ కంపెనీల ఆడిట్ నివేదికలో వీటిని తప్పనిసరి చేసింది. ఆడిట్ కమిటీకి తెలిపిన విషయాల్లోంచి ఎక్కువ శ్రద్ధ కోరినవాటిని, వాటిలో అతి ముఖ్యమైనవాటిని ఏరుతారు.

అమెరికాకు మందులు అమ్మే కంపెనీని చూద్దాం. టోకు వ్యాపారులకు ఇవ్వాల్సిన రాయితీలను, వెనక్కొచ్చే సరుకు విలువను అంచనా వేసి అమ్మకాల్లోంచి తగ్గించాలి. అంచనా తగ్గితే లాభం ఉబ్బుతుంది. అందుకే అది కీలకమని, పాత అంచనాలను అసలు చెల్లింపులతో పోల్చి చూశామని ఆడిటర్ రాస్తారు. లెక్కల్లో సంబంధిత నోటునూ చూపుతారు. ఏ కంపెనీకైనా అతికే వాక్యాలే ఉంటే ఆ భాగం వృథా.

ఆ లెక్కలో పెద్ద తప్పు దిద్దకుండా మిగిలితే మాత్రం దాన్ని ఇక్కడ రాసి సరిపెట్టకూడదు. ఆడిటర్ తన అభిప్రాయాన్నే మార్చాలి.