నీరసానికి కారణం హార్మోనేనా?

బస్టాండు గోడల మీద, రైలు పట్టాల పక్క ప్రహరీల మీద "నరాల బలహీనత, పురుషత్వ లోపం – సంప్రదించండి" అనే రాతలు మీరు చూసే ఉంటారు. ఆ మాటలే ఇప్పుడు కొత్త వేషంలో వస్తున్నాయి. "నీరసంగా ఉందా? కోరిక తగ్గిందా? మీలో టెస్టోస్టిరాన్ తక్కువై ఉండవచ్చు" అంటున్నాయి ప్రకటనలు. నీరసం నిజమే కావచ్చు, కోరిక తగ్గడమూ నిజమే కావచ్చు. కాని కారణం ప్రకటనలో చెప్పినదేనా? ఒక ఉదాహరణ తీసుకుని పరిశీలిద్దాం.

వెంకటేశం అనే వ్యక్తిని ఊహించుకోండి. వయస్సు 36. నూలు మిల్లులో ఎనిమిది నెలలుగా రాత్రి షిఫ్టు. ఉదయం తొమ్మిదికి పడుకుంటాడు. రేకుల ఇంట్లో వేడి, వీధిలో చప్పుడు. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మెలకువ వస్తుంది. చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పుకు నెలనెలా వడ్డీ కట్టాలి. కొన్నాళ్ళుగా ఒళ్ళు బరువుగా ఉంటోంది, చిన్న మాటకే కోపం వస్తోంది, భార్య దగ్గరకు వెళ్ళాలనే ఆసక్తి లేదు. ఎవరో చెబితే ఒకరోజు సాయంత్రం నాలుగు గంటలకు లేబొరేటరీలో రక్తం ఇచ్చాడు. ఫలితం 248 అని వచ్చింది. అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 248 నానోగ్రాముల టెస్టోస్టిరాన్ ఉందన్నమాట. 300 కంటె తక్కువైతే లోపం అని కాగితం మీదే అచ్చువేసి ఉంది. మూడు వారాలకొక ఇంజెక్షన్ చేయించుకుంటే సరిపోతుందని తెలిసినవాళ్ళు చెప్పారు.

ఇంజెక్షన్‌కు ముందు అతను ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాడు. డాక్టరు కాగితం చూసి రెండే ప్రశ్నలు వేశారు. "రక్తం ఎన్ని గంటలకు తీశారు? అంతకుముందు ఎన్ని గంటలు పడుకున్నావు?"

గడియారం, నిద్ర, హార్మోను

ఈ ప్రశ్నలు ఎందుకో అర్థం కావాలంటే హార్మోను ఎలా తయారవుతుందో తెలియాలి. మెదడు అడుగుభాగాన ఉన్న హైపోథలామస్ అనే భాగం పీయూష గ్రంథికి సంకేతం పంపుతుంది. పీయూష గ్రంథి తన హార్మోన్లను రక్తంలోకి వదులుతుంది. అవి ముష్కాలను చేరి టెస్టోస్టిరాన్‌ను తయారుచేయిస్తాయి. అంటే తయారీ కింద జరుగుతున్నా, ఆజ్ఞ వచ్చేది పైనుంచే. మెదడు అలసినా, నిద్ర లేకపోయినా, ఒత్తిడిలో ఉన్నా ఆ ఆజ్ఞ బలహీనపడుతుంది. చాలాకాలం ఒత్తిడిలో ఉన్నప్పుడు కార్టిసాల్ అనే మరో హార్మోను పెరిగి ఈ గొలుసును అణచివేస్తుంది.

నిద్రపట్టిన తరవాత టెస్టోస్టిరాన్ పెరగడం మొదలవుతుంది. మామూలుగా రాత్రి నిద్రపోయే మనిషిలో తెల్లవారుజామున, ఉదయం వేళ అది హెచ్చుగా ఉంటుంది. సాయంత్రానికి తగ్గుతుంది. పడుచువారిలో ఈ తేడా మరీ ఎక్కువ. భోజనం చేసినా కొంతసేపు తగ్గుతుంది. 2011లో అమెరికాలోని చికాగోలో ఆరోగ్యవంతులైన పదిమంది యువకులను వారంపాటు రాత్రికి ఐదు గంటలే నిద్రపోనిచ్చి పరీక్షించారు. పగటిపూట వారి టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయింది. వాళ్ళలో ఏ జబ్బూ లేదు. లేనిది నిద్ర మాత్రమే.

ఇప్పుడు మళ్ళీ వెంకటేశం కాగితం చూడండి. అతని 248లో ఏయే కారణాలు కలిసి ఉన్నాయో చదవడం ఆపి మీరే చెప్పండి.

సాయంత్రం వేళ, భోజనం తరవాత, నాలుగు గంటల నిద్రతో తీసిన రక్తం అది. డాక్టరు అతన్ని సెలవు పెట్టి ఒక వారం రాత్రిపూట నిద్రపొమ్మన్నారు. ఆ తరవాత ఉదయం ఎనిమిదింటికి, ఏమీ తినకుండా వచ్చి రక్తం ఇమ్మన్నారు. ఈసారి 412 వచ్చింది. వేర్వేరు రోజుల్లో రెండుసార్లు, ఉదయం, పరగడుపున తీసిన రక్తంలో తక్కువగా ఉండి, దానికి తగిన లక్షణాలు కూడా ఉంటేనే లోపం అనాలని వైద్య నియమం. ఒక్క అంకెతో తేల్చకూడదు.

లక్షణాలు ఏం చెబుతాయి?

నీరసం, చిరాకు, ఏకాగ్రత లేకపోవడం, దిగులు – వీటిలో ఏ ఒక్కటీ టెస్టోస్టిరాన్ లోపానికే ప్రత్యేకమైనది కాదు. నిద్రలేమిలోనూ ఇవే, రక్తహీనతలోనూ ఇవే, థైరాయిడ్ లోపంలోనూ ఇవే. యూరప్‌లో 40 నుంచి 79 ఏళ్ళ పురుషుల మీద జరిపి 2010లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో మూడు లక్షణాలు కలిసి హార్మోను తక్కువతో ముడిపడి కనిపించాయి: తెల్లవారి అంగస్తంభన తగ్గడం, లైంగిక ఆలోచనలు తగ్గడం, సంయోగ సమయంలో స్తంభన సరిగా లేకపోవడం. మూడూ లైంగిక లక్షణాలే. అయితే ఇక్కడా ఒక చిక్కుంది. తెల్లవారి స్తంభన కలలు వచ్చే నిద్రకు సంబంధించినది. ఆ నిద్ర ఎక్కువగా పట్టేది చివరి గంటల్లోనే. నాలుగు గంటలకే లేచేవాడికి అది దొరకదు. కాబట్టి దీన్ని కూడా నిద్రతో కలిపే చూడాలి.

దిగులు జబ్బు సంగతి వేరుగా చెప్పాలి. దాన్నే డిప్రెషన్ అంటాం. ఈ జబ్బు ఉన్న చాలామందిలో టెస్టోస్టిరాన్ మామూలుగానే ఉంటుంది, అయినా కోరిక ఉండదు. ఎందుకంటే పోయింది ఒక్క కోరికే కాదు. టీకొట్టు దగ్గర కబుర్లు, ఇష్టమైన కూర, పిల్లలతో ఆట – అన్నింటిమీదా ఆసక్తి పోతుంది. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, నేనెందుకూ పనికిరాను అనే ఆలోచన తిరుగుతుంటుంది. రెండు వారాలకు మించి ఇలా ఉంటే డాక్టరుకు చెప్పవలసింది ఈ మాటే, "బలహీనత" అని కాదు. చనిపోవాలనిపిస్తే వారాలు లెక్కపెట్టకూడదు, వెంటనే చెప్పాలి. 2022 నుంచి టెలిమానస్ అనే ప్రభుత్వ సేవ 14416 నంబరులో ఫోను మీద సలహా ఇస్తోంది. డిప్రెషన్ మందుల్లో కొన్ని కూడా కోరికను తగ్గిస్తాయి. అలా జరిగితే మానేయకుండా మందు మార్చమని అడగాలి.

మన దేశంలో దిగులును "ధాతువు పోయింది" అని చెప్పుకోవడం పాత అలవాటు. 1960లో మానసిక వైద్యుడు నరేంద్రనాథ్ విగ్ దీన్ని ధాతు సిండ్రోమ్‌గా వర్ణించారు. మనసు బాగాలేదనడం కంటె ఒంట్లో ఏదో తగ్గిందనడం మగవాడికి తేలిక కదా!

ఆ ఇంజెక్షన్ చేయించుకుని ఉంటే?

మొదట్లో హుషారుగా ఉండేదేమో. కాని బయటినుంచి హార్మోను రాగానే మెదడు ఆజ్ఞ ఆపేస్తుంది. ముష్కాలు పని తగ్గించి కుంచించుకుపోతాయి, శుక్రకణాలు బాగా తగ్గిపోతాయి, ఒక్కోసారి అసలే ఉండవు. వెంకటేశం దంపతులు రెండో బిడ్డ కావాలనుకుంటున్నారు. ఆ సంగతి ఇంజెక్షన్ సలహా ఇచ్చినవాళ్ళు అడగలేదు. మానేశాక శుక్రకణాలు తిరిగి రావడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. రక్తం చిక్కబడే ప్రమాదం కూడా ఉంది. గట్టిగా గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచేవారిలో ఆ జబ్బు ముదరవచ్చు. నీరసానికి అసలు కారణం ఆ గురక జబ్బే అయినవాళ్ళూ ఉంటారు. గురక సంగతి పక్కన పడుకునే మనిషిని అడిగితేనే తెలుస్తుంది.

వెంకటేశం మిల్లులో అడిగి రాత్రి షిఫ్టును నెలలో రెండు వారాలకు తగ్గించుకోగలిగాడు. కిటికీకి నల్ల దుప్పటి కట్టాడు, అర్ధరాత్రి దాటాక టీ మానేశాడు. రెండు నెలల్లో నీరసం చాలావరకు పోయింది, కోరిక మెల్లగా తిరిగివచ్చింది. అప్పు మాత్రం అలాగే ఉంది. వడ్డీ కట్టే వారం వచ్చిందంటే ఇప్పటికీ నిద్ర సరిగా పట్టదు.

నిజమైన లోపం లేదని దీని అర్థం కాదు. యుక్తవయసులో గడ్డం రాకపోవడం, ముష్కాలు చాలా చిన్నవిగా ఉండడం, రొమ్ములు పెరగడం, గవదబిళ్ళలు వచ్చినప్పుడు ముష్కాలు వాచి ఉండడం, తలనొప్పితో పాటు పక్కల చూపు తగ్గడం – వీటిలో ఏది ఉన్నా పరీక్ష ఆలస్యం చేయకూడదు. పరీక్షకు వెళ్ళేవారు రక్తం తీసిన సమయం, క్రితం రాత్రి నిద్రపోయిన గంటలు ఆ కాగితం మీదే రాయించుకుని డాక్టరుకు చూపాలి.