మొండి మలబద్ధకానికి కొత్త మాత్రలు ఎవరికి?

నలభై అయిదేళ్ల స్కూలు టీచరును ఊహించుకోండి. వారానికి ఒకటి రెండుసార్లు మాత్రమే విరేచనం అవుతుంది, అదీ ముక్కి ముక్కి. ఇసబ్‌గోల్ పొట్టు తాగితే కడుపు ఉబ్బింది. లాక్టులోజ్ సిరప్‌తో గ్యాస్ పెరిగింది. రాత్రిపూట వేసుకునే బైసాకొడిల్ మాత్ర మెలిపెట్టే నొప్పితో పని చేసింది కానీ మానేస్తే మళ్లీ మొదటికే వచ్చింది. ఎవరో చెప్పగా ఆమె ప్రూకలోప్రైడ్ రాయమని డాక్టరును అడిగింది.

డాక్టరు వెంటనే రాయలేదు. ముందు ఆమె వాడుతున్న మందులన్నీ చూశారు. బీపీకి వేసే వెరాపమిల్, ఐరన్ మాత్రలు, కాల్షియం, ట్రమడాల్ లాంటి నొప్పి మందులు పేగును మందగింపజేస్తాయి. థైరాయిడ్, షుగర్, రక్తంలో కాల్షియం పరీక్షలు చేయించారు. మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత ఉన్నాయా, ఈ వయసులో కొత్తగా మొదలైందా అని అడిగారు. వీటిలో ఏది ఉన్నా ముందు కొలొనోస్కోపీ గురించి ఆలోచించాలి.

ఆ తర్వాత మనలో చాలామంది సిగ్గుతో దాటేసే పని చేశారు. మలద్వారంలో వేలు పెట్టి, ముక్కమన్నారు. ముక్కినప్పుడు అక్కడి కండరం వదులవ్వాలి. కొందరిలో అది బిగుసుకుంటుంది. పేగు మలాన్ని చివరిదాకా తెచ్చినా తలుపు తెరుచుకోదన్నమాట. అనుమానం ఉంటే చిన్న బెలూన్‌లో 50 మిల్లీలీటర్ల నీళ్లు నింపి, దాన్ని బయటికి తోయమంటారు. ఒకటి రెండు నిమిషాల్లో తోయలేకపోతే లోపం విసర్జన కండరాల్లో ఉండే అవకాశం ఎక్కువ. అలాంటివారికి ఏ మాత్రా అసలు వైద్యం కాదు. కండరాన్ని వదులు చేయడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ శిక్షణే కావాలి. ఏళ్ల తరబడి మందులు మార్చుకుంటూ తిరిగేవారిలో ఇలాంటివాళ్లు తక్కువేమీ కాదు. అందుకే ఈ పరీక్ష మాత్రకంటే ముందు జరగాలని నేను గట్టిగా నమ్ముతాను.

మన టీచరు బెలూన్‌ను తేలిగ్గానే తోసేశారు. తర్వాత, ఎక్స్‌రేలో కనిపించే 24 చిన్న రింగులున్న క్యాప్సూల్ మింగించారు. అయిదో రోజు ఎక్స్‌రే తీస్తే చాలా రింగులు పెద్దపేగులోనే ఉన్నాయి. మామూలుగా అయిదుకు మించి మిగలకూడదు. ఆమెది నిజంగా నెమ్మదించిన పేగు. పీఈజీ పొడిని రోజూ 17 గ్రాముల చొప్పున నీళ్లలో కలిపి కొన్ని వారాలు తాగినా చాలినంత ఫలితం రాలేదు. అప్పుడు కొత్త మాత్రల వంతు వచ్చింది.

వాటిలో రెండు దారులున్నాయి. లూబిప్రొస్టోన్, లినాక్లొటైడ్ పేగు లోపలి పొరనుంచి ఉప్పునూ, దాని వెంట నీటినీ పేగులోకి వదిలిస్తాయి, మలం మెత్తబడి కదులుతుంది. లూబిప్రొస్టోన్‌తో వికారం సాధారణం, అందుకే భోజనంతోపాటు, నీళ్లతో వేసుకోవాలి. లినాక్లొటైడ్ ఖాళీ కడుపున, రోజులో మొదటి భోజనానికి కనీసం అరగంట ముందు. మలబద్ధకంతోపాటు కడుపునొప్పి ఉండే ఐబీఎస్ రోగులకు దీన్ని ఎక్కువగా ఇస్తారు. దీని ప్రధాన ఇబ్బంది విరేచనాలు. రెండేళ్లలోపు పిల్లలకు ఒంట్లో నీరు ప్రమాదకరంగా తగ్గిపోవచ్చు కాబట్టి ఇది నిషిద్ధం.

ప్రూకలోప్రైడ్ దారి వేరు. పేగు గోడలోని సెరటోనిన్ గ్రాహకాలను ప్రేరేపించి, మలాన్ని ముందుకు నెట్టే బలమైన అలలను పెంచుతుంది. ఈ తరహా మందులకు చేదు చరిత్ర ఉంది. ఇలాగే పేగును కదిలించే సిసాప్రైడ్ గుండె లయను దెబ్బతీయడంతో 2000లో అమెరికా మార్కెట్ నుంచి తొలగింది. 2007లో టెగాసెరోడ్‌కూ గుండె సమస్యల అనుమానంతో అదే గతి పట్టింది. రెండింటినీ 2011లో మన దేశం నిషేధించింది. ప్రూకలోప్రైడ్ పేగు గ్రాహకాన్నే ఎంచి పట్టుకునేలా రూపొందింది, ఆ తరహా గుండె ప్రమాదం కనిపించలేదు.

మామూలు మోతాదు రోజుకొక 2 మిల్లీగ్రాముల మాత్ర. వృద్ధులకు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి 1 మిల్లీగ్రాము. డయాలసిస్‌లో ఉన్నవారికి, పేగుకు అడ్డంకి ఉన్నవారికి ఇవ్వరు. టీచరుకు మొదటి రోజు తలనొప్పి, వికారం, పల్చటి విరేచనం అయ్యాయి, రెండు మూడు రోజుల్లో తగ్గాయి. తగ్గకపోయినా, మనసు బాగా కుంగినట్టు అనిపించినా డాక్టరుకు చెప్పాలి.

అయితే ఇది అందరికీ పనిచేయదు. వారానికి మూడుసార్లు పూర్తి విరేచనమనే లక్ష్యాన్ని ప్రయోగాల్లో దాదాపు నలుగురిలో ఒకరే అందుకున్నారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో ఆ సంఖ్య ఎనిమిది మందిలో ఒకరు. అందుకే నాలుగు వారాల తర్వాత లెక్క చూసుకోవాలి. టీచరు రోజూ రాసిపెట్టుకున్న డైరీలో నాలుగో వారానికి మూడు సాఫీ విరేచనాలున్నాయి, మందు కొనసాగించారు. మీ డైరీలో మార్పేమీ కనిపించకపోతే, మోతాదును సొంతంగా పెంచకండి, మాత్రను అలాగే ఏళ్ల తరబడి మింగకండి. ఆ డైరీతోనే డాక్టరు దగ్గరికి వెళ్లి, వేలి పరీక్ష జరగకపోయి ఉంటే ముందు అదే చేయమనండి.