నెట్ నెమ్మదించినా మాట తెగకూడదంటే

రోజువారీ డేటా అయిపోతే ఫోన్‌లో నెట్ పూర్తిగా ఆగిపోదు. మన దేశంలో చాలా ప్లాన్లలో వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది, అంతే. వీడియో ఇక కదలదు కానీ మాట వినడానికి ఆ వేగం చాలు. అయినా సాయంత్రం పూట ప్రసారమయ్యే వ్యవసాయ ప్రసంగం ఇలాంటి ఫోన్లలో మాటిమాటికీ ఆగుతోందంటే, తప్పు ఎక్కువసార్లు నెట్‌ది కాదు. పంపేవారు ఎంచుకున్న బిట్‌రేట్‌ది.

ఇంటర్నెట్‌లో మాటను పంపడానికి ఇప్పుడున్నవాటిలో నేను మొదట చెప్పే పేరు ఓపస్. 2012లో ఇది ఐఈటీఎఫ్ ప్రమాణమైంది. మాట కోసం స్కైప్ తయారుచేసిన సిల్క్‌నీ, సంగీతానికి బాగా పనికొచ్చే కెల్ట్‌నీ ఇందులో కలిపారు. 6 కేబీపీఎస్ నుంచి 510 దాకా ఎక్కడైనా పనిచేస్తుంది. ఇంత వెసులుబాటు ఉండటం వల్లే ఎంతకు పెట్టాలన్న ప్రశ్న వస్తుంది.

కింది హద్దును చెవి నిర్ణయిస్తుంది. 8, 10 దగ్గర మాట పాత ఫోన్‌కాల్‌లా ఉంటుంది. అర్థమవుతుంది కానీ ‘స’, ‘ఫ’ లాంటి ధ్వనుల పైభాగం తెగిపోయి ఒకదానికొకటిగా వినపడతాయి. పురుగుమందు పేరు చెప్పే ప్రసంగంలో ఆ తేడా చిన్నది కాదు. 16 నుంచి 20 మధ్య ఈ ఇబ్బంది చాలావరకు పోతుంది. 24 దగ్గర ఒకే గొంతు, ఒకే ఛానల్ అయితే గంటసేపు విన్నా చెవి అలసిపోదు.

మరి 64 పట్టే దారిలో 48 పంపితే ఏం పోయింది? అసలు విషయం ఇక్కడే ఉంది. ప్రసారానికి చాలామంది వాడే ఐస్‌కాస్ట్ సర్వర్, శ్రోత కలవగానే సుమారు 64 కిలోబైట్ల నిల్వను ఒక్కసారిగా పంపుతుంది. ఆ నిల్వ 24 కేబీపీఎస్‌లో 22 సెకన్ల మాట, 48లో 11 సెకన్లే. ఇప్పుడు సిగ్నల్ 20 సెకన్లు పోయిందనుకుందాం. మొదటి శ్రోతకు మాట తెగదు, రెండో శ్రోతకు తెగుతుంది.

సిగ్నల్ తిరిగొచ్చాక తేడా ఇంకా పెరుగుతుంది. ప్యాకెట్ల మీది చిరునామాల బరువు కలిపితే 24 దాదాపు 26 అవుతుంది, 48 దాదాపు 51. అంటే మొదటివారికి 38 మిగులు, రెండోవారికి 13 మాత్రమే. పోయిన 20 సెకన్ల మాటను మొదటివారు 14 సెకన్లలో తిరిగి నింపుకుంటారు. రెండోవారికి దాదాపు 80 సెకన్లు పడుతుంది. ఈలోగా వాట్సాప్‌లో ఒక ఫొటో దిగినా చాలు, ఆ కాస్త మిగులూ ఉండదు. అందుకే దారి ఎంత పడుతుందో చూసి బిట్‌రేట్ పెట్టకూడదు, కోలుకోవడానికి ఎంత మిగులుతుందో చూసి పెట్టాలి. సగానికి పైగా ఖాళీగా వదలమని నా సలహా.

రికార్డు చేసిన ప్రసంగాన్ని ఇలా సిద్ధం చేసుకోవచ్చు:

```
ffmpeg -i talk.wav -ac 1 -c:a libopus -b:a 24k -application voip talk.opus
```

ఇందులో `-ac 1` అంటే ఒకే ఛానల్. ఒక్కరే మాట్లాడుతున్నప్పుడు స్టీరియో ఉత్త దండగ. పోయిన ప్యాకెట్లను పూడ్చే ఎఫ్‌ఈసీ సదుపాయం ఫోన్‌కాల్‌కి మంచిదే కానీ ఇక్కడ అక్కర్లేదు. ఐస్‌కాస్ట్ వాడే టీసీపీ పోయిన ముక్కను తానే మళ్లీ పంపుతుంది కాబట్టి, ఎఫ్‌ఈసీకి ఇచ్చే బిట్లు వృథా.

హరికథలాగా మాటతోపాటు పాట, వాద్యాలు ఉంటే 24 చాలదు, 48 కావాలి. ఇప్పటికే బాగా కుదించిన ఎంపీ3ని మళ్లీ ఓపస్ చేస్తే పాత లోపాలు కూడా మోసుకొస్తుంది. ఫ్యాన్ హోరును మైకు దగ్గరే తగ్గించాలి, లేకపోతే మాటకు చెందాల్సిన బిట్లు హోరుకు పోతాయి. పాత ఐఫోన్ల బ్రౌజర్లలో ఓగ్‌లో పెట్టిన ఓపస్ పలకదు కాబట్టి వారి కోసం పక్కన ఒక ఏఏసీ ప్రసారం కూడా ఉంచాలి.

ఎంపిక సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఆఫీసు వైఫై పనికిరాదు. డేటా అయిపోయిన ఫోన్‌లో అరగంట వినండి. కాసేపు పలికి, ఆగి, మళ్లీ పలికి, ఇలా ఒక వరసలో ఆగుతుంటే బిట్‌రేట్ ఎక్కువైందని అర్థం. ఎప్పుడో ఒకసారి చాలాసేపు ఆగితే అది టవర్ సమస్య, బిట్‌రేట్ తగ్గించినా పెద్దగా మారదు. ప్రసారం నడిపేవారు 24తో ఒకటి, 16తో ఇంకొకటి పెట్టి, ఏది వినాలో శ్రోతకే వదిలేయండి.