ఫోటోలో గడియారం, ఉత్తరంలో లెక్క

బదిలీ మీద వెళ్తున్న లెక్కల సారుకి తొమ్మిదో తరగతి పిల్లలు తలా కొంత వేసుకుని గోడ గడియారం కొన్నారనుకుందాం. ఊళ్లో స్టూడియో అతను డయల్ మీద తరగతి గ్రూప్ ఫోటో అచ్చేసి ఇచ్చాడు. వీడ్కోలు సభలో ఒకమ్మాయి ఫోన్‌తో ఫోటో తీసింది. బల్ల మీద ఆ గడియారం, పక్కన శాలువాతో సారు, చుట్టూ పిల్లలు, వెనక బోర్డు మీద రంగు సుద్దముక్కలతో ‘వీడ్కోలు’. ఈ ఫోటోకి జతగా ఓ ఉత్తరం రాసిమ్మని క్లాసంతా ఆ అమ్మాయికే అప్పగించింది.

ఇలాంటప్పుడు చెయ్యి తిరిగేది ఒకే దారిలో: ‘పూజ్యులైన సారుగారికి పాదాభివందనాలు. మాకు విద్యాబుద్ధులు నేర్పి వెలుగు చూపించారు. మా చిరుకానుక స్వీకరించండి.’ మర్యాదకేం లోటు లేదు. కాకపోతే ఇదే కాగితాన్ని సోషల్ టీచరుకిచ్చినా అతికిపోతుంది. పైగా చిరుకానుక ఊసు దేనికి? గడియారం ఫోటోలో కనిపిస్తూనే ఉంది. పిల్లలు ఇచ్చింది ఫోటో చెప్పేస్తుంది. సారు ఇచ్చింది ఉత్తరం చెప్పాలి.

అందుకని రాయడానికి ముందు ఫోటోని తీరిగ్గా చూడాలి. నడిమధ్యన ఉన్న కానుకని కాదు, అంచుల్ని. ఈ ఫోటోలో ‘వీడ్కోలు’ రాయడానికి బోర్డు తుడిచినవాళ్లు కుడివైపు మూలని వదిలేశారు. అక్కడ సగం చెరిగిన (a+b)² కనిపిస్తోంది. ఉత్తరం మొదలవ్వాల్సింది అక్కడే.

ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి. (a+b)² అనగానే చాలామంది పిల్లలు a²+b² అని రాసేస్తారు. 5, 3 వేసి చూస్తే 25, 9 కలిపి 34 వస్తుంది. అసలు జవాబు ఎనిమిదెనిమిదులు 64. మిగతా 30 ఏమైనట్టు? ఎనిమిది సెంటీమీటర్ల చదరపు కాగితం తీసుకుని ఒక మూల 5 సెంటీమీటర్ల చదరం, దానికి ఎదురు మూల 3 సెంటీమీటర్ల చదరం కత్తిరిస్తే, 5 పొడవు 3 వెడల్పు ఉన్న ముక్కలు రెండు మిగులుతాయి. ఒక్కోటి 15. పోయిన 30 అదే, సూత్రంలో 2ab. ఇలా కాగితం కత్తిరించి చూపించిన మాస్టారిని ఏ పిల్లా మర్చిపోదు. ఇప్పుడు ఉత్తరం ఇలా వస్తుంది:

‘సార్, ఈ ఫోటోలో నేను లేను, తీసింది నేనే. మీ వెనక బోర్డు మూలన (a+b)² ఉంది చూడండి. నేను ఎప్పుడూ 34 అనే రాసేదాన్ని. మీరు తిట్టలేదు. కాగితం, కత్తెర నా చేతికిచ్చి, 30 ఎక్కడ దాక్కుందో వెతకమన్నారు. ఆ రెండు ముక్కలూ నా నోట్సులో అంటించి ఉన్నాయి. ఇప్పుడు మా తమ్ముడికి వాటితోనే చెబుతున్నాను. థ్యాంక్యూ సార్.’

పొగడ్త మాట ఒక్కటీ లేదు. కనబడే వస్తువు, దాని వెనక జరిగిన సంగతి, ఈనాటికీ మిగిలింది, అంతే. ఇంతకన్నా పొడుగైతే సభలో చదివేటప్పుడు వెనక బెంచీలు కదులుతాయి.

1957లో నోబెల్ బహుమతి ప్రకటించాక ఆల్బర్ట్ కామూ, అల్జీరియాలో తనకు చిన్నప్పుడు చదువు చెప్పిన లూయీ జెర్మేన్‌కి రాసిన ఉత్తరం కూడా చిన్నదే. తండ్రిని యుద్ధంలో పోగొట్టుకున్న ఆ పేద పిల్లవాడు పైచదువుకి వెళ్లడానికి దారి చూపింది ఆ మాస్టారే. కబురు తెలిశాక అమ్మ తర్వాత తలుచుకున్నది మిమ్మల్నే అని రాశాడు కామూ. బహుమతిని సాకుగా మాత్రమే వాడుకుని, మాటంతా మాస్టారి శ్రమ మీదే పెట్టాడు.

ఇక చేతిపని. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గుతుంది, బోర్డు మూలన అక్షరాలు అలుక్కుపోతాయి. డాక్యుమెంట్‌గా పంపించుకుని ప్రింటు వేయించాలి. ఉత్తరాన్ని ఫోటో వెనక రాయకండి. బాల్‌పెన్ నొక్కు ముందువైపు గాడిలా తేలుతుంది, జెల్ పెన్ సిరా ఆ నున్నటి కాగితం మీద త్వరగా ఆరక పక్కదానికి అంటుకుంటుంది. విడి కార్డు మీద రాసి, ఫోటోని జిగురు పెట్టకుండా నాలుగు మూలలకీ కాగితపు తొడుగులు వేసి పక్కన నిలపడం మంచిది. జిగురు కొన్నేళ్లకు పసుపు మరకై పైకి రావచ్చు.

కార్డు వెనక తేదీ, సెక్షన్, వరసవారీగా పిల్లల పేర్లు రాయాలి. ఫోటో తీసినమ్మాయి పేరు, ఆ రోజు బడికి రానివాళ్ల పేర్లు కూడా.