రిప్లై నోటీసులో ఒక్క మాట

తెనాలిలో ఎరువుల దుకాణం నడిపే ఒక చిన్న వ్యాపారిని ఊహించుకుందాం. 2023 జూన్‌లో తెలిసిన ఒకాయన దగ్గర 5 లక్షలు అప్పు అడిగాడు. నూటికి రెండు రూపాయల వడ్డీ. మూడు నెలల వడ్డీ 30 వేలు ముందే కోసుకుని, అప్పిచ్చినాయన 4 లక్షల 70 వేలు బ్యాంకు ఖాతాలో వేశాడు. హామీగా సంతకం చేసిన ఒక చెక్కు తీసుకున్నాడు. అందులో తేదీ లేదు, మొత్తం లేదు. 2024 జనవరి 18న వ్యాపారి ఫోన్‌పేలో లక్ష, మే 9న 50 వేలు పంపాడు. సెప్టెంబరులో ఒకసారి చేతికి 25 వేలు ఇచ్చాడు. దానికి రసీదు లేదు.

నవంబరు 4 తేదీతో ఆ చెక్కు 5 లక్షలకు బ్యాంకుకు వెళ్లింది, ఖాతాలో సొమ్ము చాలదని 6న తిరిగొచ్చింది. 28న దుకాణానికి లాయరు నోటీసు అందింది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద వచ్చే నోటీసు ఇదే. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు వేయవచ్చు. మన వ్యాపారికి ఆ గడువు డిసెంబరు 13తో ముగుస్తుంది.

కంగారులో అతను తెలిసిన జూనియర్ లాయరు చేత జవాబు రాయించాడు. దాని సారాంశం ఇది: ‘మీరు చెప్పినట్టు మా క్లయింటు 5 లక్షలు తీసుకున్న మాట వాస్తవమే. ఇప్పటివరకు వడ్డీలు సక్రమంగా కడుతూనే ఉన్నారు. వ్యాపారం దెబ్బతిని చెక్కుకు డబ్బు సర్దలేకపోయారు. సంక్రాంతిలోపు మొత్తం సర్దుబాటు చేస్తారు. దయచేసి కేసు వేయవద్దు.’

చదవడానికి ఎంతో మర్యాదగా ఉంది. అబద్ధమాడాలన్న ఉద్దేశం ఎక్కడా లేదు. కానీ మొదటి నాలుగు వాక్యాల్లో మూడు జరిగింది చెప్పడం లేదు, నాలుగోది అవసరం లేని బరువు నెత్తికెత్తుకుంటోంది. పోస్టు చేసే ముందు అనుభవమున్న సీనియర్ ఒకరు ఈ చిత్తుప్రతి చూస్తే ఎక్కడెక్కడ ఆగుతారో చూద్దాం.

మొదట ‘5 లక్షలు తీసుకున్న మాట వాస్తవమే’ దగ్గర. చేతికొచ్చింది 4 లక్షల 70 వేలు. బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ అంకె అచ్చుపడి ఉంది. రేపు కోర్టులో వ్యాపారి ఆ స్టేట్‌మెంటు చూపిస్తే, ‘మీ జవాబులో 5 లక్షలని మీరే ఒప్పుకున్నారుగా’ అని అవతలి లాయరు ఈ కాగితమే తీస్తాడు. పార్టీ తరఫున లాయరు రాసిన జవాబు పార్టీ మాటగానే లెక్కకొస్తుంది. ఒప్పుకున్నదాన్ని తర్వాత కాదనడం అసాధ్యమని కాదు, కానీ ఎందుకు అలా రాశామో వివరించే భారం అప్పుడు రాసినవాడి మీదే పడుతుంది.

అసలు ప్రమాదం రెండో వాక్యంలో ఉంది. వ్యాపారి పంపిన లక్షా 50 వేలు అసలు కిందా, వడ్డీ కిందా? ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. 2022 అక్టోబరులో దశరథ్‌భాయ్ త్రికమ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. 20 లక్షల చెక్కు ఇచ్చాయన, అది బ్యాంకులో పడేలోపు 4,09,315 రూపాయలు తిరిగి కట్టాడు. ఆ చెల్లు చెక్కు మీద రాయకుండా, మొత్తం 20 లక్షలకే చెక్కు వేశారు. బ్యాంకులో వేసిన రోజున నిజంగా రావలసిన బాకీ 20 లక్షలు కాదు కనుక 138 కింద నేరం నిలవదని కోర్టు చెప్పింది.

అంటే మన వ్యాపారి కట్టింది అసలు కింద అయితే అతనికి గట్టి వాదన ఉంది. వడ్డీ కింద అయితే ఆ వాదన చాలావరకు జారిపోతుంది. ‘వడ్డీలు కడుతూనే ఉన్నారు’ అన్న ముక్క ఆ తలుపును అతని చేతే మూయించింది. పైగా 14 నెలల వడ్డీ లెక్కవేస్తే లక్షా 40 వేలు. అవతలివాళ్లకు ఈ అంకె చక్కగా అతుకుతుంది.

అలాగని లాయరు కలం పట్టుకుని ‘అసలు కింద’ అని రాసేయకూడదు. ఆ రోజు ఫోన్‌పేలో ఏం రాశావు? వాట్సాప్‌లో ఏమని మెసేజ్ పెట్టావు? ఆయన ఏమని జవాబిచ్చాడు? ఇవన్నీ ముందు అడగాలి. జనవరి 18న ‘లక్ష అసలులో తగ్గించుకోండి అన్నా’ అన్న మెసేజ్ ఉంటే అది జవాబులో తేదీతో సహా ఎక్కాలి. ఏమీ లేకపోతే తేదీ, మొత్తం, పంపిన ఖాతా మాత్రం రాసి, ‘బాకీలో చెల్లు’ అని ఆపడం మేలు. నిజంగా వడ్డీ కిందే కట్టి ఉంటే అసలు అని రాయడం అబద్ధమవుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది బయటపడితే మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు.

చేతికిచ్చిన 25 వేల సంగతి కూడా అంతే. తేదీ గుర్తులేకపోతే ‘సెప్టెంబరు నెలలో’ అనే రాయాలి. గుండ్రంగా ఒక తేదీ కల్పిస్తే, ఆ రోజు అప్పిచ్చినాయన ఊళ్లోనే లేడని తేలిన రోజు అసలుకే మోసం వస్తుంది.

‘చెక్కుకు డబ్బు సర్దలేకపోయారు’ అన్న మాట, 5 లక్షలు తీర్చడానికే ఆ చెక్కు ఇచ్చాడన్న అర్థాన్నిస్తుంది. జరిగింది వేరు: సంతకం అతనిది, తేదీ, మొత్తం వేరొకరి చేతిరాత. జవాబులో ఉన్నది ఉన్నట్టు అలాగే రాయాలి. అయితే ఖాళీ చెక్కు ఇచ్చానన్న ఒక్క మాటే కాపాడుతుందనుకోకూడదు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కును తీసుకున్నవాడు నింపినా, బాకీ ఉందన్న చట్టపు ఊహ వర్తిస్తుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఊహను తిప్పికొట్టవలసింది చెక్కు ఇచ్చినవాడే. అందుకే చెల్లింపుల లెక్క అంత ముఖ్యం. భయంతో ‘సంతకం నాది కాదు’ అనేవాళ్లూ ఉంటారు. అది అన్నిటికన్నా చెడ్డ జవాబు.

ఇక ‘సంక్రాంతిలోపు మొత్తం’. గడువు తీరకముందే బాకీ ఉందని రాతపూర్వకంగా సంతకంతో ఒప్పుకుంటే, లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం దావా వేసుకునే మూడేళ్ల గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది. అధికారమిచ్చిన లాయరు సంతకమైనా సరిపోతుంది. రాజీ పడాలని ఉంటే పడవచ్చు, తప్పేం లేదు. ఆ ప్రతిపాదన వేరే ఉత్తరంలో, దాన్ని సాక్ష్యంగా వాడకూడదన్న షరతు స్పష్టంగా రాసి పంపాలి. జవాబు నెత్తిన ‘వితౌట్ ప్రెజుడిస్’ అని కొట్టి, లోపల ఒప్పుకోలు మాటలు నింపితే ఆ ముద్ర కాపాడుతుందన్న భరోసా లేదు.

ఇన్ని చిక్కులెందుకు, జవాబే ఇవ్వకుంటే పోలేదా అంటారు కొందరు. రంగప్ప కేసులో 45 వేల చెక్కు ఇచ్చాయన నోటీసుకు బదులివ్వలేదు. ఫిర్యాదీ మాటలో నిజముందనుకోవడానికి అదీ ఒక కారణమని 2010లో సుప్రీంకోర్టు అంది.

సవరించిన ప్రతి మొదటిదానికన్నా పెద్దదేమీ కాదు: ‘మీ నోటీసు 28-11-2024న అందింది. మా క్లయింటు ఖాతాకు వచ్చింది 4,70,000 రూపాయలు. 18-1-2024న 1,00,000, 9-5-2024న 50,000 మీ క్లయింటు ఖాతాకు బదిలీ చేశారు. సెప్టెంబరు నెలలో 25,000 నగదుగా ఇచ్చారు. ఈ చెల్లింపులేవీ చూపకుండా 5,00,000కు చెక్కు నింపి బ్యాంకులో వేశారు. పైన ఒప్పుకున్నవి తప్ప మీ నోటీసులోని ఆరోపణలను మా క్లయింటు అంగీకరించడం లేదు.’ విశేషణాలు లేవు, తిట్లు లేవు, బతిమాలడం లేదు. ప్రతి అంకె పక్కన చూపించడానికి ఒక కాగితమో, ఫోన్‌లో ఒక మెసేజో, లేదంటే అతని స్పష్టమైన జ్ఞాపకమో ఉంది.

మన దగ్గర ఇలాంటి జవాబులు ఎక్కువగా ఇంగ్లీషులోనే వెళతాయి. అది చదవలేని క్లయింటు లాయరు మీది నమ్మకంతో తల ఊపేస్తాడు. మీకు అలాంటి నోటీసు వస్తే, తేదీ ముద్ర ఉన్న కవరు దాచండి, బ్యాంకు స్టేట్‌మెంటు, ఫోన్ వెంట తీసుకెళ్లండి. పోస్టు చేసే ముందు జవాబులోని ప్రతి వాక్యం తెలుగులో చదివించుకోండి. జరిగింది అది కాదనిపించిన చోట, ఎంత చిన్న మాటైనా సరే, అక్కడే ఆపి మార్పించండి.