ఎదురుగా ఒక్కడే స్ట్రైకర్: గోల్‌కీపర్ గురించిన అపోహలు – వాస్తవాలు

స్ట్రైకర్ డిఫెండర్లను దాటి ఒంటరిగా దూసుకొచ్చి గోల్ కొడితే, చూసేవాళ్ల నోట వచ్చే మాటలు రెండే. కీపర్ లైన్ మీదే ఉండిపోతే "ముందుకు రావాల్సింది" అంటారు, ముందుకొస్తే "అంత తొందరెందుకు" అంటారు. రెండు సందర్భాల్లోనూ తప్పు అతనిదే అవుతుంది. అసలు పరీక్ష ముందుకు రావడమా, ఆగడమా అన్నది కాదు. బంతి స్ట్రైకర్ కాలికి అంటి ఉన్నప్పుడు కీపర్ ఏం చేస్తున్నాడు, కాలు విడిచినప్పుడు ఏం చేస్తున్నాడు అన్నదే. ఇది గమనించకుండా కీపర్‌ను తిట్టడం అన్యాయమని నా అభిప్రాయం. పెనాల్టీలు దాదాపు నాలుగింట మూడు వంతులు గోల్స్ అవుతాయి. ఇలాంటి ముఖాముఖి అవకాశాలు అంత తరచుగా గోల్ కావు. ఆ తేడాలో కీపర్ పనితనానికి పెద్ద వాటా ఉంది.

అపోహ: ఎంత ముందుకు దూసుకొస్తే అంత మంచిది

ఈ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు. బంతి సరిగ్గా గోల్ మధ్యభాగానికి ఎదురుగా 16 మీటర్ల దూరంలో, అంటే దాదాపు పెనాల్టీ బాక్స్ అంచున ఉందనుకుందాం. కీపర్ లైన్‌కు ఒక మీటరు ముందు నిలబడితే, అతనున్న చోట కాచుకోవాల్సిన వెడల్పు దాదాపు 6.9 మీటర్లు. అయిదు మీటర్లు ముందుకొస్తే అది 5 మీటర్లకు, పది మీటర్లు వస్తే 2.75కు తగ్గుతుంది. బంతికి రెండు మీటర్ల దూరంలోకి చేరగలిగితే మీటరు కూడా ఉండదు. కాళ్లూ చేతులూ చాపిన మనిషి ఆ మేర పూర్తిగా కప్పేయగలడు.

అయితే ఈ లెక్కలో సమయం లేదు. ఓ మోస్తరు గట్టి షాట్ సెకనుకు 20 మీటర్ల వేగంతో వస్తుంది. పది మీటర్ల దూరం నుంచి కొడితే కీపర్‌కు అర సెకను దొరుకుతుంది. నాలుగు మీటర్ల నుంచి కొడితే దొరికేది సెకనులో అయిదో వంతు. కంటితో చూసి శరీరం కదలడం మొదలుపెట్టడానికే దాదాపు అంత సమయం పడుతుంది, కాబట్టి కదిలేలోగా బంతి దాటిపోయి ఉంటుంది.

ఈ రెండు లెక్కలనూ కలిపి చూస్తే అసలు ప్రమాదం ఎక్కడుందో తెలుస్తుంది. బంతికి ఆరేడు మీటర్లకు మించి దూరంగా ఉన్న కీపర్ షాట్ చూసి స్పందించగలడు. మూడు మీటర్ల లోపున్నవాడు చూసి స్పందించలేకపోయినా, ఒంటితో దారి మూసేయగలడు. ఈ రెంటి మధ్యన ఉన్నవాడికి స్పందించే సమయమూ ఉండదు, మూసేసే వెడల్పూ చాలదు. ముందుకు దూసుకొచ్చి గోల్ ఇచ్చేసిన కీపర్లను గమనించండి. చాలామంది దొరికిపోయేది ఈ మధ్యదూరంలోనే, అదీ ఇంకా పరుగులో ఉండగానే. పరుగులో ఉన్నవాడి బరువు ఎప్పుడూ ఒక కాలి మీదే ఉంటుంది కాబట్టి ఆ కాలి వైపు పోయే నేలబారు బంతిని అతను అందుకోలేడు. తలపైనుంచి బంతిని చిప్ చేసినా వెనక్కి తిరగలేడు.

మరి ఈ మధ్యదూరాన్ని దాటేదెలా? స్ట్రైకర్ సెకనుకు ఏడు మీటర్లు, కీపర్ అయిదు మీటర్లు పరుగెత్తుతున్నారనుకుంటే వాళ్ల మధ్య దూరం సెకనుకు 12 మీటర్ల చొప్పున కరిగిపోతుంది. నిర్ణయం అర సెకను ఆలస్యమైతే ఆరు మీటర్ల లెక్క తప్పుతుంది. అందుకే మంచి కీపర్ స్ట్రైకర్ ముఖాన్ని చూడడు, బంతిని చూస్తాడు. పరుగులో ఉన్న స్ట్రైకర్ బంతిని మూడు మీటర్లు ముందుకు తోశాడంటే, మళ్లీ దాన్ని అందుకోవడానికి అర సెకనుకు కాస్త తక్కువ పడుతుంది. ఆ వ్యవధిలో అతను షాట్ కొట్టలేడు, దిశ మార్చలేడు. కీపర్ రెండు మూడు అడుగులు వేయగలిగేది అప్పుడే. స్ట్రైకర్ పాదం మళ్లీ బంతిని చేరేసరికి కీపర్ ఆగిపోయి ఉండాలి. ఎక్కడున్నా సరే, రెండు కాళ్ల మీద సమంగా బరువు మోపి, మోకాళ్లు వంచి, చేతులు కాస్త కిందికి పెట్టి నిలబడాలి. బంతి మళ్లీ కాలు విడిచిందా, మళ్లీ రెండడుగులు. తోపు మరీ పొడవైతే ఆగనక్కర్లేదు, నేరుగా వెళ్లి బంతి మీద పడిపోవచ్చు.

బంతి స్ట్రైకర్ కాలికి అంటుకునే వస్తుంటే పరిస్థితి వేరు. అప్పుడు ఎదురెళ్లిన కీపర్‌ను డ్రిబుల్ చేసి దాటిపోవడం సులువు. వెనక నుంచి డిఫెండర్ తరుముకొస్తున్నాడా అన్నది కూడా కీపర్ చూసుకోవాలి. వస్తుంటే గడిచే ప్రతి క్షణమూ కీపర్‌కే లాభం. అలాంటప్పుడు నాలుగడుగులు వెనక్కి తగ్గి స్ట్రైకర్‌ను ఆలోచనలో పడేయడం పిరికితనం కాదు, సరైన నిర్ణయం. టీవీలో అది వెనకాడినట్టు కనిపిస్తుంది. అలా కనిపిస్తుందని తెలిసీ ఆ పని చేసే కీపర్లంటే నాకు గౌరవం.

అపోహ: కాలికి తగిలి ఆగిందంటే అదృష్టమే

2022 డిసెంబరు 18న లుసైల్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అర్జెంటీనా, ఫ్రాన్స్ 3-3తో సమంగా ఉన్నాయి. అదనపు సమయం కూడా అయిపోయి, కలిపిన నిమిషాల్లో మూడోది నడుస్తోంది. వెనక నుంచి ఎత్తుగా వచ్చిన పొడవాటి బంతిని డిఫెండర్ ఒటమెండి అందుకోలేకపోయాడు. బంతి నేలమీద పడి లేచింది. దాని వెంట ఫ్రాన్స్ ఫార్వర్డ్ కోలో ముయానీ, ఎదురుగా ఎమిలియానో మార్టినెజ్ ఒక్కడే. కోలో ముయానీ గట్టిగా కొట్టాడు. చాచిన మార్టినెజ్ ఎడమకాలికి తగిలి బంతి పక్కకు పోయింది. ఆ తర్వాత పెనాల్టీల్లో అర్జెంటీనా 4-2తో గెలిచింది.

బంతి అతని కాలికి వచ్చి తగిలిందని అప్పుడు చాలామంది అనుకున్నారు. నెమ్మదిగా చూస్తే జరిగింది వేరు. బంతి గాల్లో ఉండి, ఎవరి కాలికీ అందని సమయంలోనే మార్టినెజ్ ముందుకు కదిలాడు. స్ట్రైకర్ కాలు ఊపే సమయానికి పరుగు ఆపేశాడు. చేతులు రెండు వైపులా చాచి, ఛాతీ నిటారుగా ఉంచి, ఎడమకాలిని నేలకు దగ్గరగా పక్కకు బార చాపాడు. ఇది కీపర్లు సాధన చేసి నేర్చుకునే ఆకారం. హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్లు చాలాకాలంగా ఇలాగే ఆపుతున్నారు. ఫుట్‌బాల్‌లో డెన్మార్క్ కీపర్ పీటర్ ష్మైకెల్ కాళ్లూ చేతులూ నక్షత్రంలా చాచి దూకే పద్ధతిని ప్రసిద్ధం చేశాడు.

దీని వెనక తర్కం సరళమైనది. దగ్గరి నుంచి వచ్చే నేలబారు షాట్ వైపు చేయి తీసుకెళ్లాలంటే శరీరమంతా కిందికి వాలాలి. కాలు అప్పటికే కింద ఉంటుంది. కాబట్టి దగ్గరి దూరంలో కింది భాగాన్ని కాళ్లకూ, నడుముపైనున్న భాగాన్ని చేతులకూ అప్పగించి, షాట్ ఎటొస్తుందో చూసే ప్రయత్నమే మానేసి, ఎక్కువ చోటు మూసేయడం మంచిది. 2010 ఫైనల్‌లో నెదర్లాండ్స్ ఆటగాడు రాబెన్ ఒంటరిగా వచ్చి కొట్టినప్పుడు స్పెయిన్ కీపర్ కసియాస్ శరీరం ఒక పక్కకు వాలిపోయింది. వెనక ఉండిపోయిన పాదమే ఆ బంతిని పక్కకు తప్పించింది.

ఈ ఆకారానికి ఒక పరిమితి ఉంది. అది పనిచేసేది బంతికి మూడు మీటర్లు, మహా అయితే నాలుగు మీటర్ల లోపే. అంతకన్నా దూరంలో కాళ్లు చాపేసిన కీపర్ ఇక ఎటూ దూకలేడు, కాళ్ల మధ్య దారీ తెరిచి పెడతాడు. ఈమధ్య కుర్ర కీపర్లు పది మీటర్ల దూరంలోని షాట్‌కి కూడా ఈ ఆకారంలోకి వెళ్లిపోవడం కనిపిస్తోంది. దూరం నుంచి వచ్చేదానికి పాత పద్ధతిలో నిలబడి, చూసి, చేతులతో దూకడమే సరైనది.

అపోహ: ఎటు కొడతాడో ముందే ఊహించి దూకాలి

ఇది పెనాల్టీ నుంచి అరువు తెచ్చుకున్న ఆలోచన. పెనాల్టీలో బంతి కదలదు, కీపర్ లైన్ వదలకూడదు, అందుకే ఊహకు విలువుంది. ముఖాముఖిలో స్ట్రైకర్‌కు కొట్టడం ఒక్కటే మార్గం కాదు. పక్కనుంచి దాటిపోవచ్చు, పైనుంచి ఎత్తేయవచ్చు, పక్కవాడికి ఇచ్చేయవచ్చు. ముందే నేలమీదికి వాలిన కీపర్ ఈ దారులన్నీ ఒకేసారి తెరిచినట్టే. చిప్ సంగతే తీసుకోండి. రెండు మూడు మీటర్ల ఎదుట నిటారుగా చేతులెత్తగలిగేలా ఉన్నవాడి పైనుంచి బంతిని లేపి, మళ్లీ 2.44 మీటర్ల ఎత్తున్న క్రాస్‌బార్ కిందికి దించడం గొప్ప ఆటగాళ్లకూ కష్టం. పడుకున్న కీపర్ మీదుగా అయితే అది సాధన లేనివాడూ చేయగలడు.

కాబట్టి చివరిదాకా కాళ్ల మీద నిలబడి ఉండటమే కీపర్ చేతిలోని బలం. ముందుగా కదిలే భారం స్ట్రైకర్ మీదే పడాలి. మ్యాచ్ చూస్తున్నప్పుడు ఒకటి గమనించండి: షాట్ పడకముందే కీపర్ మోకాలో తుంటో నేలకు తాకిందంటే, ఆ తర్వాత బంతి ఆగినా అది చాలావరకు స్ట్రైకర్ తప్పిదమే.

అపోహ: పక్క నుంచి వస్తే దగ్గరి పోస్ట్‌కు అంటుకుని నిలబడాలి

అక్కర్లేదు. బంతి నుంచి రెండు పోస్ట్‌లకూ గీతలు గీసుకుంటే, ఆ రెంటి మధ్య కోణాన్ని సమంగా చీల్చే గీత మీదే కీపర్ ఉండాలి. స్ట్రైకర్ ఎంత పక్కకు జరిగితే ఆ గీత అంతగా దగ్గరి పోస్ట్ వైపు వాలుతుంది. దాని మీదుండి రెండు మూడు అడుగులు ముందుకొస్తే ఆ పోస్ట్ దానంతటదే మూతపడుతుంది. పోస్ట్‌కు అంటుకుపోయినవాడు దూరపు పోస్ట్ వైపంతా వదిలేస్తాడు.

అపోహ: చివరి మనిషి తగిలితే రెడ్ కార్డే

ఆట చట్టాల్లో చివరి మనిషి అన్న మాటే లేదు. రెఫరీ చూసేది స్పష్టమైన గోల్ అవకాశం పోయిందా అన్నది. అందుకోసం గోల్‌కు దూరం, ఆట సాగుతున్న దిశ, బంతి స్ట్రైకర్ అదుపులో ఉండే అవకాశం, డిఫెండర్లు ఎక్కడ ఎంతమంది ఉన్నారు అన్నవి చూస్తాడు. 2016లో చట్టం మారింది. పెనాల్టీ బాక్స్ లోపల కీపర్ నిజంగా బంతి కోసం ప్రయత్నించి తప్పు చేస్తే పెనాల్టీతో పాటు ఎల్లో కార్డే. పట్టుకుని లాగినా, తోసినా, బంతి అందే వీలే లేని చోట పడగొట్టినా రెడ్. బాక్స్ బయట ఈ వెసులుబాటు లేదు.

బాక్స్ బయట ఏం జరుగుతుందో చెప్పడానికి 2006 ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ చాలు. పారిస్‌లో బార్సిలోనాతో ఆట మొదలైన 18వ నిమిషంలో, బంతిని పక్కనుంచి తోసుకుపోతున్న బార్సిలోనా స్ట్రైకర్ ఎటోను ఆర్సెనల్ కీపర్ లేమన్ బాక్స్ బయట పడగొట్టాడు. విడిగా వచ్చిన బంతిని అతని సహచరుడు జూలీ గోల్‌లోకి కొట్టినా, అప్పటికే విజిల్ పడింది. లేమన్ బయటికెళ్లాడు. మిగతా ఆటంతా పది మందితో ఆడిన ఆర్సెనల్ 2-1తో ఓడింది.

అందుకే బంతి తనను దాటిపోయిందని తెలిసిన క్షణంలో కీపర్ చేతులు లాక్కోవాలి. కీపర్‌ను చుట్టి పోవాలంటే స్ట్రైకర్ పక్కకు జరగక తప్పదు. అతను ఎంత పక్కకు పోతే ఖాళీ గోల్ కూడా అంత ఇరుకుగా కనిపిస్తుంది. పైగా ఆ రెండు క్షణాల్లో డిఫెండర్ పరుగెత్తి గోల్ లైన్ మీదికి చేరుకోవచ్చు.